చెప్పులొదిలిన కాలు

పెళ్ళయి మూడు నెలలు కాకముందే మొగుడు తనను "మాతా" అని పిలిచేసరికి తేజస్వికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొదటిరోజు నవ్వింది. వారం గడిచాక ఏడుపొచ్చింది. ఆ తరువాత కోపం ఒక్కటే మిగిలింది.

కార్తీకం రాగానే శ్రీకాంత్ అయ్యప్ప మాల వేసుకున్నాడు. దాచేపల్లి నుంచి నాపరాళ్ళు తోలే ట్రాలీ ఆటో అతనిది. నరసరావుపేటలో బాగా నవ్వించే డ్రైవరని పేరు. అలాంటివాడు నల్ల పంచె, నల్ల కండువా, మెడలో తులసి మాలతో, గడ్డం పెంచి, చెప్పుల్లేకుండా బ్రేకు తొక్కుతున్నాడు. తెల్లవారకముందే చన్నీళ్ళ తలస్నానం, పూజ. మధ్యాహ్నం ఒక్క పూట భిక్ష, సాయంత్రం మళ్ళీ స్నానం, పూజ, ఏదో కాస్త ఫలహారం. దిండు లేకుండా చాప మీద పడక. అదీ వసారాలో. కొత్త మంచం మీద తేజస్వి ఒక్కతే, నాలుగు దిండ్లతో.

"ఇంత తొందరేమొచ్చింది? వచ్చే ఏడు వేసుకోకూడదా?" అని అడిగింది మాల వేసుకునే ముందురోజు.

"మొక్కు. సత్తెనపల్లిలో పెళ్ళిచూపులయ్యాక నువ్వు ఆలోచించుకుని చెప్తానన్నావు చూడు, ఆ రోజు మొక్కుకున్నా. నువ్వు ఒప్పుకుంటే ఈ ఏడే కొండకొస్తానని."

అంటే తను సరేనన్నందుకే తనకీ శిక్ష! ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు మండేది. మండుతూనే, వీధి చివర ఆటో హారన్ వినబడితే పరుగున గుమ్మంలోకొచ్చేది. అతను మెడ వంచుకుని కాళ్ళు కడుక్కుంటుంటే గడ్డంలో మెరిసే నీటిబొట్లు చూసి, ఎవరికీ చెప్పకుండా మురిసిపోయేది.

ఇంతలో పాట పని వచ్చిపడింది.

పిచ్చియ్య గురుస్వామి బృందంలో ఏటా పడిపూజ చేస్తారు. అరటి బోదెలతో పద్దెనిమిది మెట్లు కట్టి, ఒక్కో మెట్టు మీద కర్పూరం వెలిగించి భజన చేస్తారు. శ్రీకాంత్ తొలిసారి మాల వేసిన కన్నెస్వామి. గొంతు బాగుంటుంది. ఈసారి ఒక కొత్త పాట అతని చేత పాడిద్దామన్నాడు గురుస్వామి.

"సినిమా పాటకు మాటలు మార్చి తేవద్దు స్వామీ. కొండెక్కేటప్పుడు కూడా పనికొచ్చే పాట కావాల. దీక్ష ఎందుకో, పోయేది ఎందుకో తెలియాల."

శ్రీకాంత్ ఇంటికొచ్చి వసారాలో నిలబడ్డాడు. "మాతా, ఒక పాట రాయాల."

"మాత రాయదు. తేజు రాస్తది. ఎవరు కావాలో తేల్చుకో."

అతను తల గోక్కున్నాడు. వంటింట్లోంచి అత్తగారు సుబ్బరత్నం అరిచింది. "ఏమే, మాలేసినోడితో పరాచకాలేందే! రాసియ్యరాదా, డిగ్రీ సదివావుగా!"

కాలేజీలో వ్యాసాలకు బహుమతులు తెచ్చుకున్న పిల్ల. ఒక్క పూటలో రాసేసింది. 'నియమనిష్ఠాగరిష్ఠ నిర్మలాంతరంగులమై' అని పల్లవి. చదివి తనకు తనే చప్పట్లు కొట్టుకుంది. శ్రీకాంత్ రెండుసార్లు పాడబోయి, రెండుసార్లూ 'గరిష్ఠ' దగ్గర దగ్గాడు.

"నీకు సాధన లేదు," అంది తేజస్వి.

"నాకు లేకపోతే కొండకు పోయే బస్సులో అందరికీ ఉంటదా స్వా... మాతా?"

ఆదివారం ఇద్దరూ కోటప్పకొండకు పోయారు. మెట్ల దారినే ఎక్కుదామంది. సాధన ఎవరికి లేదో తేల్చాలని తేజస్వికి పంతం. ఇరుముడి బరువు తెలియాలని గుడ్డసంచిలో బియ్యం పోసి నెత్తిన పెట్టుకుంది, ఒక చేత్తో పట్టుకుంది. చెప్పులు కిందే విడిచింది. తను ముందు, అతను వెనక. చేయి అందించకూడదు కాబట్టి అతను ఎటూ తోచక తన కండువానే పిసుక్కుంటూ నడిచాడు.

మొదటి మలుపు దాకా గరిష్ఠ బాగానే పలికింది. రెండో మలుపు దగ్గర 'నియమని' అనేసరికి ఊపిరి అయిపోయింది. కూర్చుంది. మూట జారి ఒళ్ళో పడింది, చెయ్యి మాత్రం దాన్ని వదల్లేదు. పక్కనుంచి దిగుతున్న ముసలమ్మ ఒకామె, "ఏందమ్మా, నోట్లో ఏదో అడ్డంబడినట్టుంది, నీళ్ళు తాగు," అని పోయింది.

శ్రీకాంత్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు ఊగుతున్నాయి.

"నవ్వుకో. దీక్షలో నవ్వకూడదని లేదుగా!" అంది కసిగా. అని, తనూ నవ్వింది. చల్లటి గాలి తగిలి చెమట ఆరుతుంటే ఆ మెట్టు మీదే కొత్త సంగతి తోచింది. ఎక్కేవాడికి రెండడుగులకొక ఊపిరి. ఆ ఊపిరికి పట్టినంతే పాదం ఉండాలి. ముందు ఒకరు అంటారు. వెనకవాళ్ళు "శరణమయ్యప్ప" అంటారు. వాళ్ళు అనేలోపు ముందువాడికి ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది. పాటలో సగం బరువు వెనకవాళ్ళే మోస్తారు. తను రాసిన దాంట్లో వెనకవాళ్ళకు చోటే లేదు. మొత్తం తనే మాట్లాడింది.

అక్కడినుంచి పై దాకా ఒక్కో మెట్టుకూ ఒక్కో ముక్క కట్టుకుంటూ ఎక్కింది. అతను వెనక "శరణమయ్యప్ప" అంటూ వచ్చాడు.

అడుగేసుకో స్వామి – శరణమయ్యప్ప
అణిగి నడువు స్వామి – శరణమయ్యప్ప
చెప్పులొదిలిన కాలు – శరణమయ్యప్ప
గొప్పలొదిలిందా చూడు – శరణమయ్యప్ప

చాప మీద పడుకున్నా – శరణమయ్యప్ప
కోపమింకా పోలేదు – శరణమయ్యప్ప
ముడిని ఎందుకెత్తారు – శరణమయ్యప్ప
మెడ వంచుకునేందుకు – శరణమయ్యప్ప

నెయ్యి నింపిన కాయ – శరణమయ్యప్ప
మోసుకెళ్ళే మనిషి – శరణమయ్యప్ప
కాయ పగిలితేగాని – శరణమయ్యప్ప
నెయ్యి చేరదు స్వామి – శరణమయ్యప్ప

కొబ్బరికాయలో పోసిన నెయ్యి స్వామి అభిషేకానికి పోతుంది, పగిలిన చిప్ప గుండంలో పడుతుంది. చిప్ప ఒళ్ళు, నెయ్యి ప్రాణమని గురుస్వామి చెప్పాడని శ్రీకాంత్ అన్నాడు. అది వినే మూడో చరణం కట్టింది. చివర తన ముద్ర కూడా పెట్టుకుంది: 'తేజస్వి పలుకిది, తేలికైన అడుగిది.' ఆ రెండు ముక్కలు పాడుకుంటూ ఇంట్లో అంట్లు తోముతూనే గంతులేసింది.

గురుస్వామి పాట మొత్తం కళ్ళు మూసుకుని విన్నాడు. "బాగుంది మాతా. ఆ పేరొక్కటి తీసెయ్యి."

"ఎందుకండీ? కట్టినవాళ్ళ పేరు పాటలో పెట్టుకోవడం పాతకాలం నుంచీ ఉన్నదే కదా?"

"ఉన్నదే. మాలలో మాత్రం లేదు. ఈడు డ్రైవరూ గాదు, శ్రీకాంతూ గాదు. స్వామి. కలెక్టరొచ్చినా స్వామే. అందరం పేర్లు ఇంటికాడ పెట్టొచ్చాం. పాటలో ఒకటి మోసుకపోతే ఎట్టా?"

తేజస్వి తలూపింది. బయటికొచ్చాక ఎదురుగా పడిపూజ ఫ్లెక్సీ కనబడింది. అయ్యప్ప ఒక మూలన చిన్నగా ఉన్నాడు. మధ్యలో పందిరి దాత బసవపున్నయ్య, ఎరువుల కొట్టు యజమాని, రెండు చేతులూ జోడించి నిలువెత్తున నవ్వుతున్నాడు. కింద పేరు ఎంత లావుగా ఉందంటే మాచర్ల బస్సులో పోయేవాళ్ళు కిటికీలోంచి చదువుకోవచ్చు.

"మొగుడి పేరు పోయింది. నన్ను మాతను చేశారు. నా పాటకు పేరొద్దంటారు. ఈయన మాత్రం ఇంటికాడ పెట్టి రాలేదా పేరు?" అంది.

"ఆయనా స్వామేలే," అన్నాడు శ్రీకాంత్ నేల చూస్తూ.

"అవును. చానా పెద్ద స్వామి."

పడిపూజ రోజు పొద్దున్నే ఆమెకు నెలసరి వచ్చింది. మాల వేసినవాళ్ళున్న ఇంట్లో ఆ రోజుల్లో ఉండకూడదు, స్వాముల కంట పడకూడదు. సుబ్బరత్నం సత్తెనపల్లి బస్సెక్కమంది.

"నా పాట పాడే రోజు నన్ను ఊరు దాటిస్తారా? పోను."

"నేనేం జెయ్యనే తల్లీ, నేనేమన్నా రమ్మన్నానా దాన్ని? నాకూ మాలేసిన మొగుడుండెలే. నేనూ పశువుల కొట్టంలో పడుకున్నా."

ఎదురింటి నజీమా గుమ్మంలోంచి విని, చేతిలో చీపురు అట్లాగే పట్టుకుని వచ్చింది. మెకానిక్ బాజీ భార్య, నోరున్న మనిషి. "పిన్నీ, సత్తెనపల్లెందుకు, మా డాబా మీద గదుందిగా. పందిట్లో ఏం జరిగినా ఆడికి ఇనపడద్ది. రావే కొత్తపెళ్ళికూతురా, సంచి సర్దు."

అట్లా తేజస్వి తన పాట తొలిసారి వినడానికి వీధికి ఇవతల డాబా మీద, పిట్టగోడ వెనక, ఆరేసిన దుప్పట్ల మధ్య కూర్చుంది. సాయంత్రం పందిట్లో దీపాలు వెలిగాయి. మెట్ల మీద కర్పూరం ఒక్కొక్కటే అంటుకుంటుంటే ఒళ్ళు జలదరించింది. తనకు కనిపించేది సగం పందిరి, నల్లటి వీపులు. నజీమా జామకాయ కోసి ఉప్పూకారం అద్ది చేతిలో పెట్టింది. తేజస్వి అది తినడం మరిచిపోయి పట్టుకుంది.

మైకులో శ్రీకాంత్ గొంతు. 'అడుగేసుకో స్వామి' అని మొదలెట్టాడు. మొదట పదిమందే "శరణమయ్యప్ప" అన్నారు. రెండో చరణానికి పందిరంతా అందుకుంది. కంజీరా దెబ్బ అడుగుల్లా పడుతోంది. తేజస్వి మోకాళ్ళు కావలించుకుని ఊగిపోయింది.

"మీ ఆయన పాడుతున్నాడా, ఏడుస్తున్నాడా?" అంది నజీమా.

"భక్తి అక్కా అది!"

అప్పుడు మైకు గరగరమంది. వేరే గొంతు, బొంగురుగా, పాటలోకి దూరింది. బసవపున్నయ్య. మూడో చరణం తను పాడాడు. అయిపోయాక ఆగలేదు.

'బసవన్న పలుకిది – శరణమయ్యప్ప
బంగారు పందిరిది – శరణమయ్యప్ప.'

భజనలో ముందువాడు ఏమంటే దానికి వెనకవాళ్ళు శరణం చెప్పాల్సిందే. పందిరి మొత్తం చెప్పింది. ఆయన మళ్ళీ అన్నాడు, మళ్ళీ చెప్పింది. తను తీసేసిన ముద్ర ఉన్న చోటే! ఖాళీగా ఉన్న సీటులో తువ్వాలు వేసినట్టు!

తేజస్వి లేచింది. డాబా మెట్ల దాకా పోయింది. దిగడానికి లేదు. దిగి పందిట్లో అడుగు పెడితే పూజ చెడిందని అంటారు. చేతిలో జామకాయ ముక్క గోడకేసి కొట్టింది.

"దాన్ని కొడితే ఏమొస్తది, తినరాదా," అంది నజీమా. "ఆయన పేరు వాళ్ళావిడే పలకదు. పాపం ఆయనే పలుక్కుంటున్నాడు."

పూజయ్యాక శ్రీకాంత్ వీధిలో డాబా కింద నిలబడ్డాడు. పైకి చూడకుండా, గోడతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు. "ఇన్నావా?"

"ఇన్నా. నువ్వు చేతులు ముడుచుకుని నిలబడ్డావా?"

"మైకు లాక్కుంటే ఏం జెయ్యను? మాలలో కోప్పడగూడదు మాతా."

"ఇంకోసారి మాత అన్నావంటే ఇక్కణ్ణుంచి దూకుతా!"

"దూకబాక, కింద మా ఆయన ఇంజనుంది," అని నజీమా లోపలినుంచి అరిచింది.

శ్రీకాంత్ మెల్లగా అన్నాడు. "నాకూ వచ్చింది కోపం. మైకు గుంజుకుందామనే చెయ్యెత్తా. అప్పుడే నోట్లో నీ పాట తిరిగింది. చాప మీద పడుకున్నా కోపమింకా పోలేదని. రాసింది నువ్వేగా. చెయ్యి దించా."

అతను పోయాక తేజస్వి దుప్పట్ల మధ్య అట్లాగే నిలబడింది. తన పాటే వచ్చి తన నోరు మూయించడం ఆమెకేమీ నచ్చలేదు. మొగుడికి అక్కరకొచ్చిన పాదం తనకెందుకు రాలేదు? చెప్పులొదిలిన కాలు గొప్పలొదిలిందా చూడమని రాసి, ఆ కిందే తన పేరు పెట్టుకుంది. బసవన్న చేసిందీ అదే. కాకపోతే ఆయన దగ్గర మైకుంది. నవ్వొచ్చింది, పళ్ళ బిగువున. నవ్వొచ్చినా మంట తగ్గలేదు. ఆ చోటు ఖాళీగా ఉన్నంత కాలం ఎవడో ఒకడు తువ్వాలు వేస్తాడు. కొండ దాకా బస్సులో ప్రతి మజిలీలోనూ ఆ బసవన్న పలుకే వినబడుతుంది.

ఆ మర్నాడంతా గదిలో తిరిగింది. పాదాలు కట్టింది, చెరిపేసింది. నజీమా అన్నం తెచ్చి, "నీ మొగుడిది దీక్షా నీదా? కూడు కూడా మానేశావ్," అంది. అన్నం పళ్ళెం అందుకుంటూ తేజస్వి ఆమె చేతులు చూసింది. బాజీకి పనిలో సాయం పట్టినప్పుడు అంటిన గ్రీజు గోళ్ళలో ఇంకా పోలేదు, అయినా అన్నం తెల్లగా ఉంది. చూస్తూ ఆగిపోయింది.

ఫోన్ తీసి శ్రీకాంత్‌కు వాయిస్ మెసేజ్ పెట్టింది.

"ఇదిగో స్వామీ, చివరి చరణం. 'ఎవరి చెయ్యి పట్టిందో, ఈ అడుగు పడ్డది.' దానికి శరణం చెప్పాక, పాడేవాడు ఒక చేతికి దణ్ణం పెట్టాల. అది తన చెయ్యి కాకూడదు. పేరు చెప్పకూడదు. ఆ చెయ్యి చేసిన పని ఒక్కటే చెప్పాల. నెయ్యి నింపేటప్పుడు ఎవరి కాయ దగ్గర వాళ్ళు పాడాల. గురుస్వామికి నచ్చకపోతే ఇంక నేను రాయను, రాయను, రాయను."

గురుస్వామికి నచ్చింది. సాటి స్వామి చిన్నపిల్లాడైనా సరే వంగి పాదాలకు మొక్కడం మాలలో ఉన్నదే కదా, ఇదీ అట్లాంటిదే అన్నాడట.

తరువాతి వారం ఇరుముడి. అప్పటికి తేజస్వి తలస్నానాలయి ఇంటికొచ్చేసింది. తెల్లవారుజామున గుడి మంటపంలో చాపలు పరిచారు. స్వాములు వరసగా కూర్చున్నారు, వెనక ఇంటివాళ్ళు. గురుస్వామి ఒక్కో కొబ్బరికాయకు కన్ను పొడిచి నీళ్ళు వంచుతున్నాడు. అందులో కరిగిన ఆవు నెయ్యి పోసి, బిరడా బిగించి, పైన పిండి మెత్తి మూస్తారు. కాయ, పూజ సామాను ముడిలో ముందు భాగానికి. దారి సరుకు వెనక భాగానికి. ఇంటివాళ్ళు దోసిళ్ళతో బియ్యం పోస్తారు.

పాట మొదలైంది. నెయ్యి సన్నటి ధారగా పడుతుంటే మొదటి స్వామి "వాకిలి ఊడ్చిన చేతికి" అన్నాడు. అందరూ శరణం చెప్పారు. రెండోవాడు "అప్పిచ్చిన చేతికి" అంటే నవ్వులు లేచాయి. గురుస్వామి కూడా మీసంలో నవ్వాడు.

బసవపున్నయ్య వంతు. తేజస్వి పళ్ళు బిగించింది. ఆయన గొంతు సవరించుకుని 'ఎవరి చెయ్యి పట్టిందో' బాగా లాగాడు. అక్కడ ఆగాడు. నోరు తెరిచాడు, మూశాడు. కంజీరా రెండుసార్లు ఊరికే కొట్టుకుంది. తనకు చేసిపెట్టినవాళ్ళ చేతిని తప్ప తన చేతిని పొగడడానికి ఆ పాటలో చోటు లేదు.

"పందిరికి గుంజలు పాతిన చేతికి," అన్నాడు చివరికి. శరణం చెప్పారు. ఆయన అయిపోయిందని అనుకోలేదు. నెయ్యి ఇంకా పడుతోంది. పక్కన బియ్యం దోసిలితో వంగి నిలబడ్డ భార్యను చూశాడు. ఈసారి మైకు గొంతు కాదు. "పొద్దున్నే... చన్నీళ్ళు తోడిపెట్టిన చేతికి."

ఆమె దోసిలిలోంచి నాలుగు గింజలు చాప మీద రాలాయి. తేజస్వికి ఆయన మీద ఉండాల్సిన కోపం ఎక్కడో జారిపోయింది. ఎంత వెతికినా దొరకనందుకు చిరాకేసింది.

శ్రీకాంత్ చివర. కన్నెస్వామి కాబట్టి కాయను రెండు చేతులా పట్టుకుని భయంగా కూర్చున్నాడు. గొంతు మాత్రం నిలకడగా ఉంది.

'ఎవరి చెయ్యి పట్టిందో – శరణమయ్యప్ప
ఈ అడుగు పడ్డది – శరణమయ్యప్ప
మెట్ల మీద కూచున్నా – శరణమయ్యప్ప
మూట ఒదలని చేతికి –'

మంటపమంతా శరణం అంది. అది ఎవరి చెయ్యో ఒక్కరికీ తెలియదు. సుబ్బరత్నం "ఏ మూటరా?" అని గొణిగింది. తేజస్వి ఆ చేతులతోనే బియ్యం పోసింది. మూడు దోసిళ్ళు. తలెత్తి చూస్తే ఏడుస్తానని గింజలనే చూస్తూ పోసింది.

ఇరుముడి నెత్తికెత్తారు. గుడి గడప ముందు కొబ్బరికాయ కొట్టారు. పోయొస్తానని చెప్పకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. శ్రీకాంత్ చెప్పలేదు, చూడలేదు. నల్లటి వీపు బస్సెక్కింది. బస్సు వినుకొండ రోడ్డు పట్టింది.

కనీసం ఒక్కసారి తిరిగితే ఏం పోయేది? నియమమంట, నియమం! గొణుక్కుంటూనే ఇంటిదారి పట్టింది. చెప్పులు గుడి దగ్గరే మరిచిపోయానని వీధి మలుపులో గాని తెలియలేదు.

నజీమా వాకిట్లో కళ్ళాపి చల్లుతోంది. "పోయాడా? పోయేటప్పుడు ఏమన్నా చెప్పాడా మీ ఆయన?"

"ఏం చెప్పలేదు. చెప్పగూడదంట."

"మరి ఆ ఇకిలింపు ఏందే?"

తేజస్వి మొహం పక్కకు తిప్పుకుంది. భుజాలు ఊగుతున్నాయి. "కాళ్ళకు రాళ్ళు గుచ్చుకుంటున్నాయక్కా," అని, ఎగిరెగిరి అడుగులేసుకుంటూ గడప దాటింది.